మూల నాలుగో పాదం అమ్మాయి, మామగారి గండం

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. పుట్టినప్పుడు మా మామగారు చీటీ మీద "మూల, ఆదివారం రాత్రి 2.40" అని రాశారు, పాదం రాయలేదు. మూల పిల్ల మామగారికి గండం అని రెండు సంబంధాలు చివరిదాకా వచ్చి వెనక్కి పోయాయి. ఒక యాప్ మూల నాలుగో పాదం అంటోంది, ఇంకో యాప్ పూర్వాషాఢ అంటోంది. మా ఊరి సిద్ధాంతిగారు కంప్యూటర్‌లో వేసి జ్యేష్ఠ నాలుగో పాదం, అదింకా గట్టి దోషం అన్నారు. పెళ్లిళ్ల పేరయ్యేమో, టైము కాస్త జరిపి పూర్వాషాఢ అని రాయించేయండి, ఎవరడుగుతారు అంటున్నాడు. ఇప్పుడొచ్చిన సంబంధంలో అబ్బాయి నాన్నగారు ఉన్నారు. శాంతి చేయిస్తే సరిపోతుందా? పాత పంచాంగం ఇంట్లోనే ఉంది. శనివారం వరుసలో "జ్యేష్ఠ తె. 3.22", ఆదివారం వరుసలో "మూల తె. 4.18" అని ఉంది.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: పాత పంచాంగంలోని రెండు వరుసలూ రాసి పంపడం మంచి పని చేశారు. మీ అమ్మాయిది మూల నాలుగో పాదమే. మిగతా రెండు సమాధానాలూ ఎక్కడ దారి తప్పాయో తెలిస్తే, రేపు అబ్బాయి తరఫు వాళ్లు ఎవరితో చూపించుకున్నా మీరు జవాబు చెప్పుకోగలుగుతారు. అందుకే లెక్క దగ్గర మొదలుపెడదాం.

మన పంచాంగంలో రోజు అంటే సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా. అర్ధరాత్రి తేదీ మారడం ఇంగ్లిషు క్యాలెండర్ సంగతి. శనివారం వరుసలో "జ్యేష్ఠ తె. 3.22" అంటే శనివారం రాత్రి గడిచి, ఆదివారం తెల్లవారుజామున 3.22 దాకా జ్యేష్ఠ ఉందని అర్థం. అక్కడ మూల మొదలైంది. ఆదివారం వరుసలోని "మూల తె. 4.18" అంటే సోమవారం తెల్లవారుజామున 4.18కి మూల అయిపోయిందని. అంటే మూల మొత్తం 24 గంటల 56 నిమిషాలు నడిచింది. చంద్రుడు ఒక్కోసారి వడిగా, ఒక్కోసారి నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి నక్షత్రం నిడివి 21 గంటల నుంచి 27 గంటల దాకా మారుతూ ఉంటుంది. నక్షత్రం అంటే 24 గంటలు, పాదం అంటే ఆరు గంటలు అని గుడ్డిగా భాగించేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆ రోజు ఎంత నడిచిందో దాన్నే నాలుగుతో భాగించాలి. 24 గంటల 56 నిమిషాల్లో నాలుగో వంతు 6 గంటల 14 నిమిషాలు.

ఆదివారం తెల్లవారుజామున 3.22కి మూడు పాదాలు, అంటే 18 గంటల 42 నిమిషాలు, కలిపితే ఆదివారం రాత్రి 10.04 అవుతుంది. నాలుగో పాదం అక్కడ మొదలై సోమవారం తెల్లవారుజామున 4.18 దాకా ఉంది. మీ మామగారు "ఆదివారం రాత్రి 2.40" అని రాసింది పంచాంగం లెక్కలో. ఆదివారం తెల్లవారితే సోమవారం అన్నమాట. ఆ 2.40 నాలుగో పాదం నడిమి దాటాక దాదాపు గంటన్నరకు పడుతుంది. పాదం అయిపోవడానికి ఇంకా 98 నిమిషాలున్నాయి. ఆసుపత్రి గోడ గడియారం పది పదిహేను నిమిషాలు తప్పు చూపించినా, ఆయమ్మ బయటికొచ్చి చెప్పేసరికి ఆలస్యమైనా పాదం మారదు. హద్దుకు పావుగంట లోపు పుట్టిన పిల్లలకు మాత్రం ఫలానా పాదమని ఎవరూ గట్టిగా చెప్పలేరు. మీకు ఆ ఇబ్బంది లేదు.

సిద్ధాంతిగారి కంప్యూటర్‌లో జ్యేష్ఠ ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. ఆయన మీ చీటీ చూసి ఆదివారం తేదీ కొట్టి, సమయం 2.40 ఏఎం అని కొట్టారు. కంప్యూటర్‌కు అది శనివారం రాత్రి గడిచాక వచ్చే 2.40. పాప పుట్టడానికి సరిగ్గా 24 గంటల ముందు సమయం అది. జ్యేష్ఠ 3.22 దాకా ఉంది కాబట్టి చివరి 42 నిమిషాల్లో పడింది. ఘడియ అంటే 24 నిమిషాలు. జ్యేష్ఠ చివరి రెండు ఘడియలు గండాంతంలోకి, అంటే రాశీ నక్షత్రమూ కలిసి ముగిసే సంధిలోకి, వస్తాయి కాబట్టి ఆయనకు గట్టి దోషం కనిపించింది. ఆయన లెక్కలో తప్పు లేదు, తేదీలోనే తప్పంతా. అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య పుట్టిన పిల్లల జాతకాల్లో చాలా తరచుగా కనిపించే పొరపాటు ఇది. ఆసుపత్రి కాగితం మీద ఏ తేదీ ఉందో చూడండి. సోమవారం తేదీ ఉంటే ఇక వాదన లేదు.

పూర్వాషాఢ చూపించిన రెండో యాప్‌ది వేరే కథ. అందులో అయనాంశ అనే సెట్టింగ్ ఉంటుంది, తెరిచి చూడండి. రాశిచక్రం ఎక్కడ మొదలైనట్టు లెక్కపెట్టాలో చెప్పే డిగ్రీల అంకె అది. మనవైపు దృక్ పంచాంగాలూ చాలా యాప్‌లూ వాడేది చిత్రపక్ష అయనాంశ, దాన్నే లహరి అంటారు. మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం సిఫారసు మీద 1957 నుంచి ప్రభుత్వ పంచాంగం అనుసరించేది కూడా అదే. రామన్ అయనాంశ దానికంటే దాదాపు డిగ్రీన్నర తక్కువ. అయనాంశ తక్కువైతే చంద్రుడు అంత ముందుకు జరిగినట్టు కనిపిస్తాడు. చంద్రుడు డిగ్రీన్నర నడవడానికి దాదాపు రెండున్నర గంటలు పైన పడుతుంది. మీ పాపకు మూలలో మిగిలింది గంటా 38 నిమిషాలే కదా, రామన్ పెడితే మూల దాటి పూర్వాషాఢ మొదటి పాదంలోకి పోతుంది. రెండో యాప్‌లో సెట్టింగ్ లహరికి మార్చి చూడండి, మొదటి దానితో కలిసిపోతుంది. దీన్ని పట్టుకుని, ఒక పద్ధతిలో పూర్వాషాఢే కదా అని రాయించకండి. అబ్బాయి జాతకం లహరిలో, అమ్మాయి జాతకం రామన్‌లో వేసి పొంతన చూస్తే ఆ పొంతనకు అర్థం లేదు.

ఇంకొక సాక్ష్యం మీ ఇంట్లోనే ఉండొచ్చు. పాతకాలం చీటీల్లో, జాతక చక్రాల్లో "దశాశేషం" అని ఒక గీత కింద రాసేవారు. మూలలో పుడితే మొదట నడిచేది కేతు మహాదశ, మొత్తం ఏడేళ్లు. నక్షత్రంలో ఎంత భాగం మిగిలిందో దశలోనూ అంతే మిగులుతుంది. మీ లెక్కలో 1496 నిమిషాలకు 98 మిగిలాయి, అంటే ఏడేళ్లలో ఐదున్నర నెలలు. చీటీ వెనకాల ఎక్కడైనా "కేతు శేషం 0-5-15" లాంటి అంకె కనిపిస్తే సందేహం తీరినట్టే. రోజుల్లో కాస్త తేడా ఉన్నా పరవాలేదు. కేతు శేషం 21 నెలల కంటే తక్కువ ఉంటే అది నాలుగో పాదమే. జ్యేష్ఠ అయితే అక్కడ బుధ దశ ఉండాలి, పూర్వాషాఢ అయితే శుక్ర దశ. పాదం రాయని తాతలు కూడా దశాశేషం రాయడం మానేవారు కాదు, కాబట్టి పెట్టెలో వెతకండి.

ఇక మామగారి మాట. ఉత్తరాదివాళ్లు గండమూల అని పిలిచే నక్షత్రాలు ఆరు: అశ్విని, ఆశ్లేష, మఖ, జ్యేష్ఠ, మూల, రేవతి. రాశీ నక్షత్రమూ ఒకేచోట ముగిసి, కొత్త రాశీ కొత్త నక్షత్రమూ ఒకేచోట మొదలయ్యే మూడు సంధుల దగ్గర ఇవి రెండేసి ఉంటాయి. మనవైపు ఆరింటినీ కలిపి ఒక్క పేరుతో పిలవడం తక్కువ, గండ నక్షత్రాలనో గండాంతమనో అంటాం. ఈ ఆరింటికీ చెప్పే దోషం ప్రధానంగా బిడ్డ పుట్టిన ఇంటికి సంబంధించింది. మూల మొదటి పాదం తండ్రికి, రెండోది తల్లికి, మూడోది ధనానికి, నాలుగోది శుభం అని చెప్పే వరుస ఆ కోవలోది. పుట్టిన 27వ రోజున, అదే నక్షత్రం మళ్లీ వచ్చినప్పుడు, శాంతి చేయించేది దానికోసం. అత్తమామల లెక్క వేరు, దాని జాబితా కూడా వేరు. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే అశ్విని పిల్లనీ మఖ పిల్లనీ కూడా "గండ నక్షత్రం" అని అత్తవారు వద్దనేదాకా వచ్చింది.

అత్తమామల విషయంలో మన పురోహితులు ఎక్కువగా చెప్పేది ముహూర్త చింతామణి వివాహ ప్రకరణంలోని శ్లోకం. 1600 ప్రాంతంలో కాశీలో రామ దైవజ్ఞుడు కూర్చిన గ్రంథమది. అందులో ఉన్న మాట ఇంతే: ఆశ్లేషలో పుట్టినవారు అత్తకు, మూలలో పుట్టినవారు మామకు, జ్యేష్ఠలో పుట్టిన అమ్మాయి భర్త అన్నకు, విశాఖలో పుట్టిన అమ్మాయి మరిదికి చెరుపు. మీ ఇంటికొచ్చి "మూల పిల్ల" అని పెదవి విరిచినవాళ్లు ఇక్కడిదాకా వినే ఉంటారు. అయితే ఆ వెంటనే ఉన్న శ్లోకం చాలామంది చదవరు. విశాఖ మొదటి మూడు పాదాల్లో పుట్టిన అమ్మాయి మరిదికి సుఖాన్నే ఇస్తుందనీ, మూల చివరి పాదంలోనూ ఆశ్లేష మొదటి పాదంలోనూ పుట్టినవారు ఆ మామకూ అత్తకూ శుభులనీ అది చెబుతుంది. ఏ గ్రంథం చూపించి సంబంధం వద్దంటున్నారో, ఆ గ్రంథం ప్రకారమే మీ అమ్మాయి మామగారికి శుభం. మీకు ఇంతకంటే వేరే పరిహారం అక్కర్లేదు.

అదే శ్లోకంలో ఇంకో మాట ఉంది. మూలకూ ఆశ్లేషకూ చెప్పేటప్పుడు "కన్యాసుతౌ" అంటుంది, అంటే అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ. మూలలో పుట్టిన అబ్బాయి తనకు పిల్లనిచ్చిన మామగారికి అంతే చెరుపు కావాలి. మరి మూల అల్లుడు వద్దని ఎన్ని ఇళ్లలో అంటున్నారు? శ్లోకం ఇద్దరికీ చెప్పినా ఊరు మాత్రం ఆడపిల్లకే అంటగట్టింది. వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడూ శత్రుఘ్నుడూ పుట్టింది ఆశ్లేషలోనే. వాళ్లిద్దరికీ పిల్లనిచ్చేటప్పుడు అత్తగార్ల గండం మాట మిథిలలో ఎవరూ ఎత్తినట్టు కనిపించదు. మీ వియ్యపువారు పురాణం ఇష్టపడే మనుషులైతే ఈ మాట ఒకసారి వాడుకోవచ్చు. దసరాల్లో మూలా నక్షత్రం రోజున సరస్వతీ అలంకారం చూడ్డానికి ఇంద్రకీలాద్రి మీద బారులు తీరే జనమే, ఆ నక్షత్రంలో పుట్టిన పిల్ల గడపలోకొస్తే భయపడతారు.

పాదం మాట పక్కనపెట్టి మామూలు లెక్క ఒకటి చూడండి. చంద్రుడు 27 నక్షత్రాల మీదుగా తిరుగుతాడు కాబట్టి దాదాపు ప్రతి 27 మందిలో ఒకరు మూలలో పుడతారు. గండ నక్షత్రాలు ఆరూ కలిపితే ఐదుగురిలో ఒకరికి పైనే. రెండు వందల మంది భోంచేసే పెళ్లి పందిట్లో నలభై నలభై ఐదు మంది వాళ్లే ఉంటారు. వాళ్లందరి మామగార్లూ, అత్తగార్లూ, బావగార్లూ ఈ లెక్క ప్రకారం పోయి ఉంటే మన ఊళ్లు ఇలా ఉండవు. జ్యోతిషం నమ్మే పెద్దలు కూడా మనిషి ఆయుర్దాయాన్ని ఆ మనిషి జాతకంలోనే చూస్తారు తప్ప కోడలి నక్షత్రంలో కాదు. అబ్బాయి నాన్నగారికి బీపీ, షుగర్ ఉంటే అవి పెళ్లికి ముందు నుంచీ ఉన్నవే. ఈ మాట మీరు వాళ్లతో అనకండి, మీ మనసులో పెట్టుకోండి.

జాతకాలు సరిపోలేదు అన్న రెండు సంబంధాల్లో పొంతన పట్టిక అడిగారా? 36 గుణాల లెక్కలో మూలకు కోత లేదు. గణం, యోని, నాడి లాంటి కూటాలకే గుణాలు. పట్టికలో పాతికో ఇరవై ఎనిమిదో వచ్చి కూడా "మూల" అని వెనక్కి తగ్గారంటే అది పట్టిక చెప్పింది కాదు. ఇంట్లో ఎవరో ఒకరి భయం, సాధారణంగా అబ్బాయి తల్లిది లేదా మేనత్తది. లేకపోతే వేరే ఏదో కారణానికి నక్షత్రం ముసుగు. మూల అని చెప్పి, అయినా చేసుకుంటాం గానీ ఇంకో అయిదు లక్షలు పెట్టండి అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. మామగారి ప్రాణానికి అంత భయపడేవాళ్లు డబ్బు తీసుకుని ఆ భయం మానుకోరు. 1961 నుంచీ కట్నం అడగడమే నేరం, దానికి నక్షత్రం సాకు అయినంత మాత్రాన తేడా లేదు. ఆ మాట వినపడితే అక్కడితో లేచి రండి.

పేరయ్య సలహా విషయానికొద్దాం. పూర్వాషాఢ చేయాలంటే పుట్టిన సమయాన్ని కనీసం గంటా 38 నిమిషాలు జరపాలి, 4.18 దాటించాలి. లగ్నం రెండు గంటలకొక రాశి చొప్పున మారుతుంది, కాబట్టి లగ్నం కూడా మారిపోవచ్చు. పుట్టిన దశ కేతువు పోయి శుక్రుడవుతుంది. ఆసుపత్రి కాగితం మీద 2.40, జాతకంలో 4.20 ఉంటే, ఎవరైనా మేనమామ రెండూ పక్కపక్కన పెట్టిన రోజున నక్షత్రం కంటే అబద్ధం పెద్ద దోషమై కూర్చుంటుంది. పెళ్లయ్యాక మామగారికి చిన్న జ్వరం వచ్చిన రోజున బయటపడితే మీ అమ్మాయి పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

ఇంకో చిక్కు పేరయ్యకు తట్టలేదు. ముహూర్తం పెట్టేటప్పుడు తారాబలం చూస్తారు. వధువు జన్మ నక్షత్రం నుంచి ముహూర్తం నాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో తీసేస్తే మిగిలే అంకెల్లో మూడు విపత్తార, అయిదు ప్రత్యక్తార, ఏడు నైధన తార. ఆ మూడూ పనికిరావు. మృగశిర పెళ్లిళ్లకు బాగా వాడే నక్షత్రం. పూర్వాషాఢ నుంచి లెక్కపెడితే మృగశిర పదమూడోది, తొమ్మిది తీసేస్తే నాలుగు, క్షేమ తార, దివ్యంగా ఉంటుంది. అసలు నక్షత్రమైన మూల నుంచి లెక్కపెడితే అది పద్నాలుగోది, మిగిలేది అయిదు, ప్రత్యక్తార. ఉత్తర ఫల్గుణి కూడా ఇంతే: పూర్వాషాఢకు సంపత్తార, మూలకు విపత్తార. దోషం తప్పించుకుందామని నక్షత్రం మారిస్తే, అదే శాస్త్రం కూడదన్న ముహూర్తంలో అమ్మాయికి తాళి కట్టించినవాళ్లమవుతాం. జాతకం నమ్మకపోతే మార్చక్కర్లేదు, నమ్మితే మార్చకూడదు.

శాంతి చేయిస్తే సరిపోతుందా అన్నారు. శ్లోకం ప్రకారం నాలుగో పాదానికి మామగారి కోసం శాంతి అవసరం లేదు. అయితే పుట్టినప్పుడు 27వ రోజు శాంతి జరగకపోయి, ఆ బెంగ మీకు ఉంటే, లేదా అబ్బాయివాళ్లు ఆ ఒక్క మాటతో తృప్తిపడతామంటే, ఒకసారి చేయించుకోండి. తప్పులేదు. మూలా నక్షత్రం ప్రతి 27 రోజులకూ ఒకసారి వస్తుంది కాబట్టి నిశ్చితార్థానికి ముందే ఒక రోజు దొరుకుతుంది. గణపతి పూజ, పుణ్యాహవాచనం, కలశ స్థాపన అయ్యాక మూలకు అధిదేవత అయిన నిరృతిని ప్రధానంగా, పక్క నక్షత్రాల దేవతలైన ఇంద్రుణ్ణీ జలదేవతలనూ తోడుగా ఆవాహన చేసి, నవగ్రహ పూజ, 108 ఆహుతుల హోమం చేస్తారు. హోమానికి అరకిలో నెయ్యి చాలు. కలశ జలంతో అమ్మాయికీ మీ దంపతులకూ అభిషేకం చేస్తారు. చివరగా కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి ముఖం చూసుకోవడం ఉంటుంది. పసిబిడ్డకైతే తండ్రి నూనెలో బిడ్డ నీడ చూశాకే నేరుగా చూస్తాడు. పెద్దయ్యాక చేస్తే అమ్మాయే తన ముఖం చూసుకుని గిన్నెతో సహా దానమిస్తుంది. మొత్తం రెండున్నర మూడు గంటల పని, ఒక పురోహితుడూ ఒక సహాయకుడూ ఉంటే జరిగిపోతుంది. పదకొండు మంది ఋత్విక్కులు, మూడు రోజులు, 60 వేలు అని ఎవరైనా అంటే దేనికెంతో విడివిడిగా రాసివ్వమనండి. మూలకు అధిపతి కేతువు కదా అని శ్రీకాళహస్తికి పంపేవాళ్లూ ఉన్నారు. అక్కడ జరిగేది రాహుకేతు పూజ, మూలా శాంతి కాదు. వెళ్లి దర్శనం చేసుకోండి గానీ దాన్ని దీని లెక్కలో వేయకండి.

ఒక్క జాగ్రత్త. శాంతి మీ ఇంట్లోనే, మీ దంపతుల చేతులమీదుగా జరగాలి. అబ్బాయివాళ్ల ఇంట్లో, కాబోయే మామగారిని పీట మీద కూర్చోబెట్టి ఆయన ప్రాణరక్షణకు అన్నట్టు చేయించమంటే ఒప్పుకోకండి. అలా జరిగిన రోజు నుంచి మీ అమ్మాయి ఆ ఇంటికి కోడలిగా కాక గండంగా అడుగుపెడుతుంది. ఆ ఇంట్లో ఆయన తుమ్మినా ఆమె వైపే చూస్తారు. శాంతి తరువాత కూడా భయం పోలేదంటే ఆ సంబంధం వదిలేయడమే నయం. తండ్రి లేని అబ్బాయిని వెతకమని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. నాలుగో పాదానికి ఆ వెతుకులాట అసలు అక్కర్లేదు.

అమెరికాలో పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఈ జవాబు చదువుతుంటే వాళ్లకొక మాట. అక్కడి గడియారం సమయాన్ని హైదరాబాద్ పంచాంగంలో నేరుగా చూడకూడదు. డాలస్‌లో ఎండాకాలం సాయంత్రం 4 గంటలంటే మనకు మర్నాటి తెల్లవారుజామున 2.30. పదిన్నర గంటల తేడా అంటే దాదాపు రెండు పాదాలు. చలికాలంలో అది పదకొండున్నర గంటలవుతుంది. అలా రెండో పాదమని భయపెట్టిన మూల పిల్ల నాలుగో పాదమైనా కావచ్చు, పూర్వాషాఢే అయినా కావచ్చు.

అబ్బాయివాళ్లకు మీరు పంపాల్సింది ఒక్క కాగితం. మధ్యవర్తి నోటితో కాదు, అమ్మాయి నాన్నగారు అబ్బాయి నాన్నగారికే స్వయంగా ఇవ్వాలి, ఆయనే కదా ఇందులో అసలు మనిషి. మూల అన్న మాట దాచకుండా పైనే పెట్టి ఇలా రాయండి: "జననం: ఆదివారం తెల్లవారితే సోమవారం, ఉదయం 2.40, రాజమహేంద్రవరం. మూల ప్రవేశం ఆదివారం తె. 3.22, నిష్క్రమణ సోమవారం తె. 4.18. నాలుగో పాదం ఆదివారం రా. 10.04 నుంచి. కేతు దశాశేషం 5 నెలల 15 రోజులు. లహరి అయనాంశ." కింద ఆసుపత్రి కాగితం నకలూ, పంచాంగంలో ఆ రెండు వరుసల ఫొటో జతచేయండి. అబ్బాయి నక్షత్రమూ పాదమూ కూడా ఇంతే వివరంగా రాసిమ్మని అడగండి. అబ్బాయిది ఆశ్లేషో మూలో అయితే పాదం చూసుకోవాల్సిన వంతు మీది.